ఒకటో తరగతి ఫోనిక్స్: మూడో వారంలో ఆగిపోయాం. శబ్దాలు వస్తున్నాయి, పదాలు రావడం లేదు

బడిగంట (కల్వకుర్తి వైపు)

మాది ఊరి ప్రాథమిక పాఠశాల. ఒకటో తరగతిలో 19 మంది. ఇంగ్లిష్ మీడియం వచ్చాక మాకు వచ్చిన తిప్పలు మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పిల్లలు అంగన్‌వాడీ నుంచి ఏబీసీడీలు పాటలా పాడుకుంటూ వస్తారు, మూడు అక్షరాల మాట చూపిస్తే మాత్రం నోరు మెదపరు. అందుకే ఈసారి జూన్ నెల ఆటపాటలకు వదిలేసి, జూలై మొదటి నుంచి ఆరు వారాల ఫోనిక్స్ పెట్టుకున్నాను, అంటే అక్షరం పేరుతో కాకుండా దాని శబ్దంతో చదివించడం.

వరుస ఇంగ్లండ్ ప్రభుత్వం 2007లో ఇచ్చిన 'లెటర్స్ అండ్ సౌండ్స్' నుంచి తీసుకున్నాను. మొదటి వారం ఎస్, ఏ, టి, పి. రెండో వారం ఐ, ఎన్, ఎమ్, డి. మూడో వారం జి, ఓ, సి, కె. నాలుగులో ఈ, యు, ఆర్, వీటితోపాటు సి-కె జంట. ఐదులో హెచ్, బి, ఎఫ్, ఎల్. ఆరో వారం కొత్త అక్షరం లేదు, అంతా చదవడమే. మిగిలిన ఏడు అక్షరాలు దసరాలోపు చూసుకుందామని.

రోజూ ప్రార్థన అయిన వెంటనే అరగంట. ముందు పాత కార్డులు గబగబా ఐదు నిమిషాలు. తర్వాత కొత్త శబ్దం ఐదు నిమిషాలు, గాల్లో వేలితో రాయడం కూడా అందులోనే. పది నిమిషాలు కలిపి చదవడం. చివరి పది నిమిషాలు నేను మాట చెప్తే పలక మీద రాయడం. సోమవారం నుంచి గురువారం వరకు రోజుకో అక్షరం, శుక్రవారం తిరగేయడం, శనివారం ఒక్కొక్కరినీ పిలిచి చూడటం.

మొన్న మూడో శనివారం చూస్తే పన్నెండు అక్షరాల శబ్దాలు పదిహేను మందికి పైగా చెప్తున్నారు. అదే ఆరు మాటలు చదవమంటే నాలుగు దాటిన వాళ్లు ఐదుగురే. ఇలాగే ముందుకు పోవాలా, ఆగాలా? అక్షరాలు వచ్చినప్పుడు మాటలు ఎందుకు రావట్లేదు?

మూసీ ఒడ్డు (నల్గొండ, ప్రైవేట్ స్కూల్)

మేడం, మీరు టెన్షన్ పడుతున్నారు గానీ ఇది అందరికీ జరిగేదే. మేము ఫ్యామిలీలుగా చెప్తాం. క్యాట్, బ్యాట్, ర్యాట్, మ్యాట్ అని చార్ట్ మీద రాసి రోజూ పాడిస్తాం. నెల తిరిగేసరికి చకచకా చదివేస్తారు. విడివిడిగా శబ్దాలు చెప్పించడం కంటే ఇది సులువు. పిల్లలకు రైమ్ ఉంటే చాలు.

నల్లమల పంతులు (అచ్చంపేట)

బడిగంట మేడం, మీ వరుస బాగుంది, టైం బాగుంది. కానీ 'ఆరులో ఎన్ని' అని మార్కులు వేసుకుంటే కారణం దొరకదు. తప్పు చదివిన పిల్లలు నోటితో సరిగ్గా ఏమన్నారు? పి, ఐ, ఎన్ కార్డు చూపించినప్పుడు ఎవరు ఏమన్నారో గుర్తుంటే, అన్నది అన్నట్టు రాయండి.

మూసీ ఒడ్డు సార్, ఫ్యామిలీ పద్ధతిలో మంచి లేకపోలేదు. కానీ మీ పిల్లలను చార్ట్ వరుస మార్చి, మధ్యలో మ్యాన్, మ్యాప్ పెట్టి చదివించి చూడండి. చాలామంది వాటిని కూడా మ్యాట్ అనేస్తారు. ఎందుకంటే ఆ పాటలో వాళ్ల కన్ను మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది, చివరిది చూడాల్సిన అవసరం వాళ్లకు రాదు.

బడిగంట

సార్, అదృష్టం కొద్దీ కాగితం మీద రాసిపెట్టుకున్నాను. ఆ ఒక్క కార్డుకే ఇన్ని రకాలు:

ఇద్దరు 'పీ ఐ ఎన్' అని ఆగిపోయారు. నలుగురు 'ప, ఇ, న... పిన' అన్నారు, అందులో ఒకరు 'పినా' అని సాగదీశారు. ముగ్గురు చూడగానే 'పెన్ను' అన్నారు. ఇద్దరు శబ్దాలు సరిగ్గానే చెప్పి చివరికి 'నిప్పు' అన్నారు, నాకు నవ్వొచ్చింది. మిగతా వాళ్లలో ఇద్దరు 'పిన్ను' అన్నారు. నేను దాన్ని రైట్ వేశాను. ఇంకో పాప ఏమీ మాట్లాడదు, అడిగితే తల ఊపుతుంది.

కోయిలకొండ నాన్న

నమస్తే. నేను టీచర్‌ను కాదు. మా బాబు మూడో తరగతి, ప్రైవేట్‌లోనే. ఫోనిక్స్ కోచింగ్ అని ఒకచోట డబ్బులు కట్టాం. ఇప్పటికీ బి రాయమంటే డి రాస్తాడు. చేతిరాత కూడా వంకర. దీనికి ఏదైనా మందు కానీ, ఎక్సర్‌సైజ్ కానీ ఉందా? ఒకటో తరగతిలో ఫోనిక్స్ సరిగ్గా చెప్పకపోతే ఇలా అవుతుందా?

నల్లమల పంతులు

అన్నా, మీ విషయం వేరే థ్రెడ్ పెడితే బాగుంటుంది. క్లుప్తంగా చెప్తాను. ఏడేళ్ల వరకు బి-డి తారుమారు చాలామందిలో ఉంటుంది, దానికి మందు లేదు. మూడో తరగతిలో ఇంకా ఉందంటే, రాయడం పక్కన పెట్టి, బాబు చిన్న మాటలు గట్టిగా ఎలా చదువుతున్నాడో ముందు చూడండి. చదవడం కూడా కష్టంగా ఉంటే స్కూల్ వాళ్లతో మాట్లాడి పరీక్ష చేయించండి. మేడం వాడే వరుసలో డి రెండో వారం, బి ఐదో వారం పెట్టారు చూడండి, ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండటానికే.

ఇక మేడం, మీ కాగితంలోనే జవాబు ఉంది. ఆ తప్పులన్నీ ఒక జబ్బు కాదు, వేర్వేరు.

'పీ ఐ ఎన్' అన్నవాళ్లకు అక్షరం పేరు అడ్డొస్తోంది. పాట ఇంకా నోట్లో ఉంది. ఈ ఆరు వారాలూ మీరు కూడా తరగతిలో అక్షరం పేరు పలకకండి. 'ఇది ఏమంటుంది?' అనే అడగండి.

'పెన్ను' అన్నవాళ్లు చదవట్లేదు, ఊహిస్తున్నారు. మొదటి, చివరి అక్షరాలు చూసి తెలిసిన వస్తువు పేరు చెప్పేశారు. వీళ్లకు బొమ్మలున్న కార్డులు ఆపేయండి. అర్థం లేని మాటలు ఇవ్వండి. మిప్, ట్యాస్, నిస్ లాంటివి. తెలిసిన మాట కాదు కాబట్టి ఊహించడానికి ఏమీ ఉండదు, శబ్దాల మీదుగా పోక తప్పదు. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో ఏడాది పిల్లలకు పెడుతున్న ఫోనిక్స్ పరీక్షలో 40 మాటలుంటే సగం ఇలాంటివే. పక్కన ఒక వింత జీవి బొమ్మ వేసి, ఇది దాని పేరు అంటారు. మీరు దయ్యం పిల్ల పేరు అనండి, మన పిల్లలకు బాగా నచ్చుతుంది. శనివారం ఆరు మాటల్లో రెండు ఇలాంటివి పెట్టండి.

'నిప్పు' అన్న ఇద్దరూ నిజానికి మంచి స్థితిలో ఉన్నారు. మూడు శబ్దాలూ తెలుసు. కానీ మూడోది చెప్పేసరికి మొదటిది జారిపోయి, చెవిలో మిగిలిన చివరి శబ్దంతో మొదలుపెట్టారు. వీళ్లకు మూడూ విడివిడిగా చెప్పించి 'ఇప్పుడు కలుపు' అనకూడదు. 'ప్' దగ్గర ఆగకుండా 'పి' వరకు కలిపి నోట్లో పెట్టుకుని, దానికి 'న్' అతికించాలి. ప్, పి, పిన్. మొదట్లో ఎస్, ఎమ్, ఎన్ లాంటి సాగే శబ్దాలతో మొదలయ్యే మాటలు ఇవ్వండి. స్స్స్ అని ఊపిరి ఆపకుండా పట్టుకోవచ్చు కాబట్టి తర్వాతి అచ్చులోకి జారడం సులువు. ట్, ప్ లను అలా సాగదీయలేం, అందుకే ట్యాప్ కంటే మ్యాప్ ముందు వస్తుంది.

అసలు పెద్ద గుంపు 'పిన', 'పిన్ను' వాళ్లు. తెలుగు పిల్లలకు ప్రత్యేకంగా వచ్చేది ఇదే, ఇంగ్లండ్ పుస్తకాల్లో దీని గురించి చాలినంత ఉండదు. మన అక్షరంలో అచ్చు కలిసే ఉంటుంది. 'ప' అంటే ప్ కాదు, ప్ తో అ. తెలుగులో పొల్లు చాలా ఆలస్యంగా వస్తుంది. ఒకటో తరగతి పిల్లకు ప్ అనే ఒంటరి చప్పుడు ఎక్కడా కనపడలేదు. మీరు 'ప్' అన్నా వాళ్లు 'ప' అనే విన్నారు. ప, ఇ, న కలిపితే పిన కాక ఇంకేమవుతుంది? వాళ్ల లెక్క వాళ్లకు కరెక్టే. ఇక 'పిన్ను' మన ఇంటి మాట. బస్సు, కప్పు, పెన్ను అని మనమే అంటాం కదా. దానికి మీరు రైట్ వేస్తే పలక మీద రాసేటప్పుడు చివర ఒక యు వచ్చి కూర్చుంటుంది. నాలుగో వారంలో యు నేర్పగానే చూడండి.

దీనికి నేను చేసేది పి, ఎమ్ ల దగ్గర మొదలుపెట్టడం. ఈ రెండింటికీ పెదవులు మూసుకుంటాయి, పిల్లలకు కనిపిస్తుంది. 'మ్యాప్' అని చివర పెదవులు మూసి, మూసినట్టే ఉంచి, మూడు లెక్కపెట్టే దాకా తెరవొద్దని ఆట పెట్టండి. 'మ్యాపు' అన్నవాడి పెదవులు మళ్లీ తెరుచుకుని ముందుకొస్తాయి, పక్కవాడే 'తెరిచిండు సార్' అని పట్టేస్తాడు. ఇది నాలుగైదు రోజులు సాగాక ఎన్ కు వెళ్లండి. న్న్న్ అని ముక్కుతో హమ్ చేస్తూ వదిలేయమనండి. టి చివరికి పెట్టుకోండి.

ఒక్క ముఖ్యమైన పరీక్ష. ఏ కార్డూ చూపకుండా నోటితో 'ప్... ఇ... న్, ఇదేం మాట?' అని అడగండి. వినే చెప్పగలిగితే కలపడం వచ్చు, అక్షరం గుర్తు తెచ్చుకోవడం నెమ్మదిగా ఉంది. పాత కార్డుల టైం పెంచితే సరిపోతుంది. వినీ చెప్పలేకపోతే కార్డులు ఎన్ని తిప్పినా లాభం లేదు. వాళ్లతో కొన్నాళ్లు చెవి పనే చేయించాలి. ఆ మాట్లాడని పాపకు ముందు ఇదే చేయండి, చదవమని అడగకుండా.

మూసీ ఒడ్డు

పంతులు గారూ, మీరు చెప్పింది చేసి చూశాను. మా రెండో సెక్షన్‌లో మ్యాన్ చూపిస్తే సగం మంది మ్యాట్ అన్నారు. సరే, ఒప్పుకుంటున్నా. కానీ ఒక సులువు ఉంది కదా: ఇంగ్లిష్ అక్షరం కింద తెలుగులో 'ప్', 'న్' అని పొల్లుతో రాసేస్తే సరి. పిల్లలకు కన్‌ఫ్యూజన్ ఉండదు.

నల్లమల పంతులు

అది టీచర్‌కు పనికొస్తుంది సార్. మన నోరు సరిచేసుకోవడానికి కార్డు వెనక రాసుకోవచ్చు. పిల్ల కోసమైతే వద్దు. ఒకటో తరగతిలో తెలుగు పొల్లు కూడా కొత్తే, పొల్లు పట్టించుకోకుండా 'ప' అనే చదువుతుంది. పైగా రెండు రాతలు పక్కపక్కన ఉంటే కన్ను తెలిసిన దాని మీదికే పోతుంది, ఇంగ్లిష్ అక్షరం చూడదు.

తండా టీచర్ (దేవరకొండ)

నేను పూర్తిగా ఒప్పుకోను. కాన్వెంట్లలో కాదు, మా తండా బడిలో చేశాను. మా లంబాడి పిల్లలకు 'మ్యాపు' సమస్య అంతగా రాదు. వాళ్ల ఇంటి భాషలో మాటలు హల్లుతో ఆగుతాయి. నల్గొండలో చేసినప్పుడు ఉర్దూ ఇళ్ల పిల్లలూ అంతే. కితాబ్, కలమ్ అని ఇంట్లో రోజూ అంటారు కాబట్టి చివర ఆగడం వాళ్లకు అలవాటే. అందుకని క్లాస్ మొత్తానికి పెదవుల ఆట ఆడించి టైం పోగొట్టకండి. ఎవరికి కావాలో వాళ్లకే.

మా వాళ్లకు అసలు కష్టం 'ఏ' అక్షరం శబ్దం, 'ఈ' అక్షరం శబ్దం. ప్యాన్‌కూ పెన్‌కూ తేడా వినపడదు. అందుకే 'ఏ' మొదటి వారం, 'ఈ' నాలుగో వారం పెట్టడం మంచిదే. కానీ 'ఈ' రాగానే నేను కొత్త అక్షరాలు ఆపి రెండు రోజులు ఆ తేడా మీదే ఉంటాను. గోడకు అటు ఒక బొమ్మ ప్యాన్, ఇటు పెన్ను. నేను అన్నది విని అటో ఇటో ఉరకాలి. చదవడం తర్వాత.

నల్లమల పంతులు

మంచి మాట అక్కా. ఉర్దూ పిల్లల సంగతి నేనూ చూశాను. లంబాడి సంగతి నాకు అంత అనుభవం లేదు, మీ మాటే తీసుకుంటా. ఒకే తరగతిలో రెండు రకాల పిల్లలుంటే, ఉర్దూ ఇంటి పిల్లను ముందు అనమని, తర్వాత పక్కవాళ్లను అనమనండి. నేను అనేదానికంటే వాళ్లు అన్నది త్వరగా ఎక్కుతుంది.

పాలమూరు మట్టి (రిటైర్డ్)

అందరూ శబ్దాల దగ్గరే ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో తెలుగు చదవడమే ఇంకా రాని పిల్లకు ఇంగ్లిష్ శబ్దాలెందుకు ఇంత తొందరగా? 2022లో చదవడం, రాయడం, లెక్కల కోసం ప్రభుత్వం తొలిమెట్టు తెచ్చినప్పుడు కూడా ఇదే అన్నాను. ముందు తెలుగు గుణింతాలు గట్టిపడనీయండి, ఒకసారి చదవడం అంటే ఏమిటో తెలిశాక ఇంగ్లిష్ ఆరు వారాలు కాదు, మూడు వారాల్లో వస్తుంది. ఇంకో మాట, జూలై అంటే నాట్లు. చెల్లిని చూసుకోమని పిల్లను ఇంట్లో ఉంచుతారు. రోజుకో అక్షరం అని లెక్క వేసుకుంటే, మూడు రోజులు రాని పిల్లకు మూడు అక్షరాలు పోతాయి.

బడిగంట

సార్, తెలుగు ముందా అన్నది నా చేతిలో లేదు. పుస్తకం రెండు భాషల్లోనూ ఇచ్చారు, నాకు రెండూ ఒకే ఏడాది నడపాలి. నాట్ల సంగతి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. శనివారం కాగితంలో గైర్హాజరు కూడా రాస్తే, వెనకబడ్డ వాళ్లలో సగం మంది వారంలో రెండు రోజులు రాని వాళ్లే.

ఒక నిర్ణయం తీసుకున్నాను. నాలుగో వారం కొత్త అక్షరాలు ఆపేశాను. పది నిమిషాల కలిపి చదవడాన్ని రెండు ముక్కలు చేశాను. ఐదు నిమిషాలు వినడం, చూడకుండా. నేలమీద చాక్‌పీస్‌తో మూడు గళ్లు, ఒక్కో పిల్లకు మూడు చింతగింజలు. నేను మాట అంటే, శబ్దానికో గింజ గళ్లోకి జరపాలి. మిగతా ఐదు నిమిషాలు కార్డులతో. రాని రోజుల పిల్లలకు ఆ వారం కార్డులు ఒక దారానికి గుచ్చి ఇంటికి ఇస్తున్నాను. అక్కలు చెప్పిస్తున్నారట, కొందరు 'ప' అనే చెప్పిస్తున్నారు, అది వేరే బాధ.

మూసీ ఒడ్డు

చింతగింజల ఐడియా బాగుంది. మా స్కూల్లో అయితే పేరెంట్స్ గొడవ చేస్తారు, ఫీజు కట్టి గింజలాడిస్తారా అని.

బడిగంట (ఆగస్టు చివర)

ఆరు వారాలనుకున్నది ఎనిమిది అయింది. ఎక్కడున్నామో చెప్తాను.

ఒక్క పిల్ల సంగతి రాస్తే అర్థమవుతుంది. ఆ మాట్లాడని పాప. కార్డు లేకుండా 'స్స్... ఇ... ట్' అని నేను అంటే వెంటనే కింద కూర్చుంది. చెప్పలేదు, కూర్చుంది! అంటే కలపడం వచ్చు. 'నిప్' అన్నాను, పక్కవాడిని గిల్లింది. కార్డులు చూపిస్తే మాత్రం ఒక్కో అక్షరానికి చాలాసేపు తీసుకుంటుంది, మూడోది దొరికేలోపు మొదటిది పోతుంది. నల్లమల సార్ చెప్పినట్టు ఆ పాపకు చెవి పని ఆపి, రోజూ నాలుగే కార్డులు, అన్నం బెల్లు కొట్టే ముందు రెండుసార్లు తిప్పించాను. నాలుగూ తడుముకోకుండా వస్తేనే ఐదోది. ఇప్పుడు ఐదో వారం అక్షరాల దాకా రాలేదు, మూడో వారం దగ్గర ఉంది. కానీ ఆ అక్షరాలతో మాట ఇస్తే గొణుగుతూ చదువుతోంది.

'నిప్పు' ఇద్దరూ వారంలోనే సర్దుకున్నారు. పెదవుల ఆట పి, ఎమ్ లకు బాగా పనిచేసింది, టి, డి లకు అంతగా లేదు. 'బెడ్' ఇంకా 'బెడ్డు'యే. యు నేర్పిన వారం నిజంగానే పలకల మీద చివర యు లు మొలిచాయి.

చివరి వారం వాక్యాలు ఇచ్చాను. 'ద', 'ఐ', 'టు' మాత్రం శబ్దాలతో రావు కాబట్టి చూసి గుర్తుపెట్టుకోమని ముందే చెప్పాను. 'ఐ గాట్ ఎ రెడ్ బ్యాగ్', 'ద డాగ్ హిడ్ ఇన్ ద బ్యాగ్' లాంటివి. 19 మందిలో పదకొండు మంది ఆగుతూ ఆగుతూ చదివారు. నలుగురు మాటలు చదువుతారు, వాక్యంలో తప్పిపోతారు. మిగతా నలుగురు ఇంకా శబ్దాల దగ్గరే, అందులో ముగ్గురు నాట్లకు పోయినవాళ్లు.

తండా టీచర్

టి, డి లకు పెదవులు కనపడవు కాబట్టి ఆట పనిచేయదు మేడం. చప్పట్లతో చూడండి. 'బెడ్'కు ఒకటి, 'బెడ్డు'కు రెండు. అయితే ఆ నలుగురిని ఏం చేస్తారు? మిగతా ఏడు అక్షరాలకు క్లాస్ మొత్తంతో పోతారా, విడగొడతారా?

బడిగంట

అదే తేల్చుకోలేకపోతున్నా. నేనొక్కదాన్నే, రెండో తరగతి కూడా నా దగ్గరే. పదకొండు మందిని ఆపితే వాళ్లకు విసుగు, పోతే ఈ నలుగురు పాత అక్షరాలూ మర్చిపోతారు. రెండో తరగతిలో బాగా చదివే ఇద్దరిని ఈ నలుగురికి కార్డులు తిప్పడానికి పెట్టొచ్చా అని ఆలోచిస్తున్నా.

పాలమూరు మట్టి

పెట్టండి. కానీ ముందు ఆ ఇద్దరూ 'ప' అంటారో 'ప్' అంటారో వినండి.